ఇంతకీ తాగింది ఎవరు?

పొద్దున్నే కడప ఏడు రోడ్ల దగ్గర టీ తాగుతూ పేపర్ తిప్పుతున్నా. జిల్లా పేజీలో లావు అక్షరాలతో ‘మద్యం మత్తులో ఆటో డ్రైవర్‌ను పట్టుకున్న ఎస్సై’ అని హెడ్డింగ్. పక్కనున్న పెద్దాయన మెడ చాచి చదివి, “ఏంది సామీ, ఎస్సై డ్యూటీలోనే తాగినాడా?” అన్నాడు. లోపల వార్త చూస్తే పాపం ఎస్సై చుక్క ముట్టలేదు. తాగింది డ్రైవరే.

అంతా ఒక్క ‘ఉన్న’ ఎగరగొట్టినందుకు! ‘మత్తులో ఉన్న డ్రైవర్’ అంటే మత్తు డ్రైవర్‌దే. ‘ఉన్న’ తీసేస్తే ‘మత్తులో’ అన్న మాట పోయి ‘పట్టుకున్న’కు అతుక్కుంటుంది. పట్టుకున్నది ఎస్సై కాబట్టి మత్తూ ఆయన నెత్తికే. చోటు చాల్లేదంటారేమో. ‘ఎస్సైకి చిక్కిన తాగుబోతు ఆటో డ్రైవర్’ అంటే ఇంకో మాట తగ్గేది కదా!

కిందనే ఇంకొకటి: ‘బావిలో పడిన సర్పంచి గేదె’. పడింది గేదేనట. పెద్దాయన మాత్రం సర్పంచిని ఎవరు పైకి తీశారో వెతుక్కుంటూ ఇంకో టీ చెప్పాడు.