చెత్త లెక్క ఇంటి దగ్గరే తేలాలి

చలికాలం వారాంతాల్లో పాడేరు దగ్గరి వంజంగికి మబ్బులు చూడటానికి వచ్చే బృందాల్లో చాలామంది పరిసరాల్లోనే టెంట్లు వేసుకుంటారు. తెల్లారాక వాళ్లు చలి మంట వేసిన చోట బూడిదను పుల్లతో కదిపితే తళుక్కుమనే రేకు ముక్కలు కనిపిస్తాయి. అవి కాల్చేసిన చిప్స్ ప్యాకెట్లు. ఆ కవర్లో ప్లాస్టిక్ పొరల మధ్య పల్చటి అల్యూమినియం పూత ఉంటుంది. ప్లాస్టిక్ విషపు పొగై పోతుంది, లోహం మట్టిలో మిగిలిపోతుంది. పోనీ పాతిపెడదామా అంటే ఉప్పు, నూనె వాసనకు కుక్కలో అడవిపందులో తవ్వి పడేస్తాయి.

అందుకే చెత్త సంగతి బయలుదేరక ముందే చూసుకోవాలి. ఇరవై మంది ఒక రాత్రి క్యాంపుకి వెళ్తున్నారనుకుందాం. ఎవరికి వారు రెండు నీళ్ల సీసాలు, అయిదు ప్యాకెట్లు కొనుక్కుంటే నలభై సీసాలు, వంద కవర్లు కొండెక్కినట్టే. అదే తినుబండారాలు కిలోల్లో కొని డబ్బాల్లో సర్దుకుని, పులిహోర గిన్నెలో పట్టుకెళ్లి, నీళ్లు క్యాన్లలో తీసుకుంటే కవర్లు పది దాటవు. ఎన్ని ఎక్కాయో రాసుకుని, దిగేటప్పుడు అన్నీ సంచిలో ఉన్నాయో లేదో చూడాలి. పాల ప్యాకెట్ మూల పూర్తిగా కత్తిరించకండి. తెగిపడిన ఆ చిన్న ముక్క ఏ లెక్కకూ అందదు. నారింజ తొక్కలు కూడా సంచిలోకే. పొడి రాతి నేల మీద అవి నెలల తరబడి ఉంటాయి, కోతులకు మనుషుల తిండి అలవాటు చేస్తాయి.

ఇక ఎవరూ మాట్లాడని విషయం మలవిసర్జన. గెడ్డకు, ఊటకు కనీసం అరవై మీటర్లు, అంటే సుమారు ఎనభై అంగలు నడిచి, జానెడు లోతు గుంట తవ్వి, పని అయ్యాక అదే మట్టితో కప్పాలి. తడి వైప్స్, శానిటరీ ప్యాడ్లు అందులో వేయకూడదు. వాటిలో ప్లాస్టిక్ ఉంటుంది, విడిగా కవర్లో మూసి కిందికి తేవాల్సిందే. మన్యంలో ఎన్నో గిరిజన గ్రామాలు ఊటనీరే తాగుతాయి. పైన మనం చేసేది వాన పడగానే వాళ్ల బిందెల్లోకి చేరుతుంది. అయితే గుంట పద్ధతికీ హద్దుంది. వారం వారం వందల మంది వచ్చే చోట, రాయి తప్ప మట్టి లేని చోట అది పనిచేయదు. అక్కడ కింద మరుగుదొడ్లు కట్టాలి, అవి లేకుండా క్యాంపులకు అనుమతి ఇవ్వకూడదని మా అభిప్రాయం.

తమిళనాడు ప్రభుత్వం 2022లో నీలగిరుల్లో మద్యం సీసాకు పది రూపాయలు అదనంగా తీసుకుని, ఖాళీ సీసా తెస్తే తిరిగిచ్చే పద్ధతి పెట్టింది. మన కొండల కింద టికెట్ ఇచ్చే చోట కూడా సీసాలు, ప్యాకెట్లు లెక్కపెట్టి డిపాజిట్ తీసుకోవచ్చు. దాంతోపాటు కోతులు లాగలేని పొడి చెత్త షెడ్డు, అక్కడి నుంచి పట్టణానికి తరలించే బండి కావాలి. అవి లేకపోతే బాధ్యతగా కిందికి తెచ్చిన సంచి కూడా ఘాట్ రోడ్డు మలుపులోనే తేలుతుంది. వచ్చే సీజన్ లోపు ఈ ఏర్పాట్లు జరగాలి.