1948 ఒక్కటి గుర్తుంటే చాలదు

గ్రూప్స్ రాసే నల్లగొండ, పాలమూరు పిల్లల నోట్సులో తెలంగాణ చరిత్ర తేదీలు పేజీల కొద్దీ ఉంటాయి. పరీక్షలో ‘కింది సంఘటనలను కాలక్రమంలో అమర్చండి’ అన్న ప్రశ్న రాగానే వాటిలో సగం గుర్తురావు. తేదీలు తక్కువ నేర్చుకున్నా ఫర్వాలేదు, ఏ తేదీని ఎక్కడ వాడాలో తెలియడం ముఖ్యమని నా అభిప్రాయం. మన జిల్లా సంఘటనలతోనే ఒక ప్రశ్న తయారుచేసి చూద్దాం.

ఎ. పోచంపల్లి భూదానం
బి. దొడ్డి కొమరయ్య మరణం
సి. సాయుధ పోరాట విరమణ
డి. భువనగిరి ఆంధ్ర మహాసభ

ఆప్షన్లు ఇవి: 1) డి, బి, ఎ, సి  2) బి, డి, ఎ, సి  3) డి, బి, సి, ఎ  4) డి, ఎ, బి, సి.

నాలుగు సంఘటనలను 24 రకాలుగా పేర్చవచ్చు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగిందన్నది దాదాపు అందరికీ తెలుసు. ఆ మాట ప్రశ్నలో లేదు. అయినా దాన్నే మధ్యలో నిలబెట్టి చూడండి. భువనగిరి సభ, కొమరయ్య మరణం నిజాం పాలనలోనివి, కాబట్టి అటువైపు. భూదానం, విరమణ ఇటువైపు. 24లో ఇక మిగిలేవి నాలుగు వరుసలే. ఆప్షన్లలో నాలుగోది భూదానాన్ని కొమరయ్య కంటే ముందు పెట్టింది కనుక అది పోయింది.

1956 నవంబరు 1 ఇంకా బాగా గుర్తుంటుంది. కానీ ఈ నాలుగూ దానికి ముందువే కాబట్టి ఇక్కడ అది దేనికీ పనికిరాదు. సంఘటనలను రెండు వైపులా చీల్చే తేదీ అయితేనే ఆప్షన్లు తగ్గుతాయి.

మిగిలిన మూడింటిని విడదీయడానికి 1948 సరిపోదు. ప్రశ్న తయారుచేసేవాళ్లు ఒకే వైపు పడే జంటను కావాలనే పెడతారు. అక్కడ కారణం చూడాలి. 1944లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన జరిగిన భువనగిరి సభలో ఆంధ్ర మహాసభ చీలిపోయి కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. ఆ తర్వాతే ఊళ్లలో సంఘం అని పిలిచే ఆ మహాసభ ఊరూరా బలపడింది. విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాలకు 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపులో బలైన కొమరయ్య ఆ సంఘం కార్యకర్తే. కడవెండి అప్పుడు నల్లగొండ జిల్లాలోనే ఉండేది. సంఘం ఊళ్లలో బలపడకముందు ఆ ఊరేగింపు లేదు, ఆ కాల్పులూ లేవు. రెండో ఆప్షన్ కూడా పోయింది.

ఇక ఒకటా, మూడా? చాలామంది బోల్తా పడేది ఇక్కడే. దీనికి కారణం మళ్లీ ఆ 1948నే. పోలీసు చర్యతో నిజాం దిగిపోయాడు, పోరాటమూ అయిపోయిందని ఎంతోమంది మనసులో ఉండిపోయింది. అలా అనుకున్నవాళ్లు విరమణను 1948 పక్కన పెట్టి, భూదానాన్ని దాని తర్వాత రాసి, మూడో ఆప్షన్ దగ్గర ఆగుతారు. నిజానికి పోలీసు చర్య తర్వాత కూడా మూడేళ్లు యూనియన్ సైన్యాలకు ఎదురుగా పోరాటం సాగింది. వినోబా భావే 1951 ఏప్రిల్ 18న పోచంపల్లికి వచ్చింది ఆ అలజడి నడుస్తున్న ఊళ్ల గుండా నడుస్తూనే. అక్కడి దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. పోరాటం ఆగిపోయి ఉంటే ఆ యాత్రకు ఆ దారి పట్టాల్సిన పనే ఉండేది కాదు.

విరమణకు ఇంకో గుర్తు ఉంది, మొదటి సాధారణ ఎన్నికలు. 1951 అక్టోబరులో పోరాటం విరమించారు. వెంటనే కమ్యూనిస్టులు పీడీఎఫ్ పేరుతో ఎన్నికల్లోకి దిగారు. రావి నారాయణరెడ్డి నల్లగొండ నుంచి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లతో గెలిచాడన్న ముచ్చట మన దగ్గర చిన్నపిల్లలకూ తెలుసు. విరమణ ఆ ఎన్నికలకు ఆనుకుని ఉందని పట్టుకుంటే భూదానం దానికి ముందే అని తేలుతుంది. జవాబు ఒకటో ఆప్షన్.

కొన్ని చోట్ల ఈ పద్ధతి ఆగిపోతుంది. ‘తెలంగాణ సాయుధ పోరాటం’ అని మాత్రమే రాసి భూదానంతో కలిపి క్రమం అడిగితే మొదలు అడిగారో, ముగింపు అడిగారో తెలియదు. అయిదేళ్లు నడిచిన దాన్ని ఒక సంఘటనగా ఇవ్వడం నా దృష్టిలో ప్రశ్నలోని లోపమే. అలాంటప్పుడు మొదలునే తీసుకోవడం క్షేమం, అయినా అభ్యంతరం పెట్టే హక్కు అభ్యర్థికి ఉంది.

ఒకే ఏడాదిలో పడే జంటలకు కూడా ఏడాది తేదీలు సాయం చేయవు. పాలమూరు నేల బిడ్డ బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి కావడం, ముల్కీ ఆందోళన, రెండూ 1952వే. అప్పుడు అడగాల్సింది ఒక్కటే: ఆందోళన ఎవరి ప్రభుత్వం మీద జరిగింది? బూర్గుల ప్రభుత్వం మీదే. కాబట్టి మార్చిలో ఆయన ప్రమాణ స్వీకారం ముందు, ఆ ఆందోళనలో జరిగిన సిటీ కాలేజీ కాల్పులు తర్వాత.