గ్రహమైత్రిలో ఒక్క గుణం వచ్చిందని సంబంధం వదులుకోవాలా?

మా కడప, కర్నూలు వైపు పొంతన చూపించడానికి పోయిన పెద్దవాళ్లు ముందుగా అడిగేది, "ముప్పై ఆరుకి ఎన్ని వచ్చినాయి స్వామీ?" అని. 18 దాటితే కుదిరినట్టే అనుకొని లేస్తారు. ఆ మొత్తంలో గ్రహమైత్రి వాటా 5 గుణాలే. అయినా ఇద్దరి మనసులు కలుస్తాయా అని చూసే కూటం అదే కాబట్టి, అక్కడ తక్కువ పడితే మంచి సంబంధాలు కూడా ఆగిపోతున్నాయి. నా అభ్యంతరమంతా ఆ తొందరపాటు మీదే.

చంద్రుడు మనఃకారకుడు. అందుకే వధూవరుల జన్మరాశుల అధిపతులు ఒకరికొకరు ఏమవుతారో చూస్తారు. ఇద్దరికీ అధిపతి ఒకడే అయినా, ఇద్దరు అధిపతులూ పరస్పరం మిత్రులైనా 5 గుణాలు. ఒకవైపు మైత్రి, మరోవైపు సమత్వం ఉంటే 4, రెండు వైపులా సమత్వమైతే 3. ఒకవైపు మైత్రి, మరోవైపు శత్రుత్వం ఉంటే మాత్రం 1కి పడిపోతుంది.

ఈ 1 దగ్గరే ఆగి ఆలోచించాలి. కర్కాటకానికీ మిథునానికీ పొంతన చూస్తే వచ్చేది ఇదే. కర్కాటకానికి అధిపతి చంద్రుడు, మిథునానికి బుధుడు. చంద్రుడు బుధుణ్ణి మిత్రుడిగా చూస్తాడు, బుధుడు చంద్రుణ్ణి శత్రువుగా చూస్తాడు. తారాశశాంకుల కథ తెలిసినవాళ్లకు ఇది వింతగా అనిపించదు. లెక్క వేరే ఉంది. ఒక్కో గ్రహానికి మూలత్రికోణమని ఒక బలమైన రాశి ఉంటుంది. ఒక గ్రహం మూలత్రికోణ రాశి నుంచి 2, 4, 5, 8, 9, 12 స్థానాల అధిపతులూ, ఆ గ్రహపు ఉచ్చరాశి అధిపతీ దానికి మిత్రులు. రెండు రాశులున్న గ్రహానికి ఒక్క రాశే ఈ లెక్కలోకి వస్తే సముడు, ఏదీ రాకపోతే శత్రువు. చంద్రుడి మూలత్రికోణం వృషభం. అక్కడి నుంచి మిథునం రెండోది, కన్య ఐదోది. బుధుడి రాశులు రెండూ లెక్కలోకి వచ్చాయి కాబట్టి మిత్రుడయ్యాడు. బుధుడి మూలత్రికోణం కన్య. అక్కడి నుంచి కర్కాటకం పదకొండోది, లెక్కలోకి రాదు.

అంటే ఇక్కడ స్నేహం లేదని కాదు, ఒకవైపే ఉందని. అది ఎవరి వైపుందో పట్టికలోని 1 చెప్పదు. అమ్మాయిది కర్కాటకమైతే ఆమె మనసు విప్పి మాట్లాడుతుంది, మిథునం అబ్బాయి దాన్ని తర్కంతో కొలుస్తాడు అని నేను చదువుకుంటాను. అది ముందే తెలిసిన కుటుంబం ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడిస్తుంది. తెలియని కుటుంబం ఫోన్ చేసి వద్దనేస్తుంది.

ప్రొద్దుటూరులో మా బంధువుల అమ్మాయిది పుష్యమి రెండో పాదం, కర్కాటకం. అబ్బాయి టెక్సస్‌లో పుట్టినవాడు. అతనిది పునర్వసు మూడో పాదం, మిథునం అని పంపారు. గ్రహమైత్రికి 1 వచ్చింది, సిద్ధాంతిగారు వద్దన్నారు. రెండు రాశులూ పక్కపక్కనే పడితే వచ్చే ద్విర్ద్వాదశం కూడా ఉంది కానీ అది రాశి కూటం సంగతి. గ్రహమైత్రి వరకే అయితే ఇంకో మెట్టు చూడాల్సింది. రాశ్యధిపతులకు పొసగనప్పుడు, ఒక్కో రాశిని తొమ్మిది భాగాలు చేసి చూసే నవాంశలో చంద్రుడున్న రాశుల అధిపతులు మిత్రులైనా, ఒక్కడే అయినా దోషం తగ్గుతుందని పరిహారం ఉంది. పునర్వసు మూడో పాదం నవాంశలో మిథునం, పుష్యమి రెండో పాదం కన్య. రెండింటికీ బుధుడే అధిపతి.

అసలు తప్పు ఇంకా ముందే జరిగింది. అబ్బాయి పుట్టింది వేసవిలో, అక్కడి గడియారం ప్రకారం రాత్రి 9 గంటలకు. ఆ సమయాన్ని అలాగే మన పంచాంగంలో చూశారు. అక్కడ వేసవిలో గడియారం గంట ముందుకు జరుపుతారు కాబట్టి తేడా పదిన్నర గంటలు, అంటే మనకది మర్నాడు ఉదయం 7:30. చంద్రుడు ఒక పాదం దాటడానికి సుమారు 6 గంటలు పడుతుంది. సరిచేసి చూస్తే పునర్వసు నాలుగో పాదం వచ్చింది, రాశి కర్కాటకం. ఇద్దరికీ చంద్రుడే అధిపతి, గ్రహమైత్రి 5కి 5. ద్విర్ద్వాదశమూ పోయింది.

మన పిల్లల్లో చాలామంది అమెరికాలోనే పుట్టారు. పునర్వసు, ఉత్తర, విశాఖ లాంటి నక్షత్రాలు రెండు రాశుల మధ్య చీలతాయి. అక్కడ ఒక్క పాదం జరిగితే అధిపతే మారిపోతాడు.

గ్రహమైత్రికి ఒక హద్దు కూడా ఉంది. కర్కాటక రాశిలో పుట్టిన అందరికీ ఇది ఒకే మాట చెబుతుంది. ఆ అమ్మాయి స్వభావం, ఆ అబ్బాయి పెరిగిన ఇల్లు దీనికి కనిపించవు. నేను దీన్ని నమ్ముతాను, నమ్ముతాను కాబట్టే సరిగ్గా చూడమంటున్నాను. ఊర్లో సిద్ధాంతికి వివరాలు పంపేటప్పుడు పుట్టిన ఊరు, అక్కడి సమయం, అప్పుడు వేసవి గడియారం అమల్లో ఉందో లేదో రాసి, పక్కనే భారత కాలమానం తేదీతో సహా రాయండి. గ్రహమైత్రి తక్కువ వస్తే శత్రుత్వం ఎవరి వైపుంది, నవాంశలో ఏమైంది అని అడగండి.