కన్వర్టర్ పిన్నుకు పాదాభివందనం

మన ఇళ్లలోని కుటీర పరిశ్రమలన్నీ ప్రభుత్వ పథకాల మీద నిలబడ్డాయని అనుకునేవాళ్లు అమాయకులు. అవి నిలబడింది కన్వర్టర్ పిన్ను మీద. పవర్ ప్లగ్గుకు లావు కాళ్లు పెట్టిందే సన్న రంధ్రాల్లో దూరకూడదని. ఆ కుట్రను భగ్నం చేసిన మహానుభావురాలు ఈ పిన్ను. ఒకవైపు 16 ఆంపియర్లు, ఇంకోవైపు 6, మధ్యలో భగవంతుడు.

శ్రావణమాసంలో మా వీధిలో జాకెట్లు కుట్టే ఇంటి ముందుగదిని చూసి తరించాలి. గోడకు ఒకటే సాకెట్, దానికో ఎక్స్‌టెన్షన్ బాక్సు. ఆ బాక్సుకు కుట్టుమిషన్ మోటారు, ఫ్యాను, ఫోన్ ఛార్జరు. ఒక కన్వర్టర్ దయతో ఇస్త్రీ పెట్టె. ఇంకో కన్వర్టర్ దయతో పార్సిళ్ల సాంబారు మరిగే ఇండక్షన్ స్టవ్వు. ఎందుకంటే వంటింట్లోని పవర్ సాకెట్ గ్రైండర్ సొంతం. మిగిలిన వైరును ముచ్చటగా చుట్టి, రబ్బరు బ్యాండు వేసి, లైనింగ్ పీలికల గుట్ట కింద దాచారు. వైరుకు చలి వేయకూడదు కదా!

ఇస్త్రీ పెట్టె 1000 వాట్లు, స్టవ్వు 2000. మొత్తాన్ని 230 వోల్టులతో భాగిస్తే 13 ఆంపియర్లు. బాక్సు మీద 6 అని అచ్చేసి ఉంది కానీ, అది అడుగువైపు ఉంటుంది కాబట్టి చదవనక్కర్లేదు. 'ఎక్కువైతే ఎంసీబీ పడిపోతుంది లెండి' అంటాడు కుట్టే ఆవిడ భర్త ధీమాగా. ఆ ఎంసీబీ 16ది. 13 దానికో లెక్క కాదు. అది గోడలోని లావు వైరుకు కాపలా, పీలికల కింద కాగుతున్న సన్న వైరు దాని డ్యూటీలో లేదు. చుట్టిన వైరు వేడి ఎటూ పోదు, పైన గుడ్డలు కప్పాక అసలే పోదు.

ప్లగ్గు గోధుమరంగుకు తిరిగింది. ప్లాస్టిక్ మాడిన వాసన వస్తోంది. దానికి విరుగుడుగా అగరొత్తి వెలిగించారు.

(మైనం నేరుగా మంట మీద కరిగించి, అంటుకోగానే చెంబెడు నీళ్లు కొట్టే కొవ్వొత్తుల వీరుల సంగతి ఇంకోసారి.)

ఇక్కడిదాకా నవ్వండి. ఆ గదికి ఒకటే తలుపు. దాని వెనక పాలిస్టర్ చీరల మూటలు. కాలితే కరిగి ఒంటికి అతుక్కునే గుడ్డ అది. రాత్రి పిల్లలు పడుకునేదీ ఆ గదిలోనే. ఇంకో పవర్ పాయింటు వేయించమని కుట్టే ఆవిడ ఎన్నిసార్లడిగినా ఇంటి ఓనరుది ఒకటే మాట: 'మీ బిజినెస్సుకు నా డబ్బులా?' ఏటా అద్దె పెంచేటప్పుడు మాత్రం ఆ బిజినెస్సు గుర్తొస్తుంది. సిగ్గుండాలి!

కావలసింది ఎంసీబీ బోర్డు నుంచి విడిగా లావు రాగి వైరు, ఒక పవర్ సాకెట్. అదొచ్చేదాకా గ్రైండర్ తీసి, ఆ సాకెట్‌కే ఇస్త్రీ పెట్టాలి. స్టవ్వు కూడా దానికే, ఒకదాని తర్వాత ఒకటి. గిరాకీ పిలిస్తే ప్లగ్గు పీకి లేవాలి, లైటు ఆరినంత మాత్రాన పెట్టె ఆగినట్టు కాదు. ప్లగ్గు పీకగానే పట్టుకుని చూస్తే, చేయి వెనక్కి తీసుకునేంత వేడి ఉంటే ఆ బాక్సు చెత్తబుట్టకే. పీలికలు మూతున్న రేకు డబ్బాలోకి, మూటలు తలుపు దగ్గర్నుంచి అవతలికి.

మొన్న ఓనరు గోడలకు రంగు వేయించాడు. సాకెట్ చుట్టూ ఉన్న నల్లమచ్చకు రెండు కోటింగులు పట్టాయట. దానికి మాత్రం డబ్బులున్నాయి.