వంద దాకా చెప్పే పిల్లవాడికి ఐదు తెలుసా?

"ప్రీస్కూల్లో ఆటలు కాలక్షేపమే. ఆడుతూ పిల్లలు నేర్చేది ఏమీ లేదు. కూర్చోబెట్టి వంద దాకా వల్లె వేయిస్తేనే లెక్కలు వస్తాయి. ఆటే చదువైతే బొమ్మలిచ్చి వదిలేస్తే చాలు కదా, టీచరెందుకు?" అని కొందరు అంటుంటారు.

ముందు వల్లె వేయడం సంగతి చూద్దాం. అంకెలు గడగడా చెప్పే మూడేళ్ల పిల్లవాడి ముందు బొత్తాల గిన్నె పెట్టి "ఐదు ఇవ్వు" అని అడగండి. ఆ వయసులో చాలామంది లెక్కపెట్టకుండా గుప్పెడు తీసి ఇస్తారు. లెక్కపెట్టినప్పుడు చివర పలికిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందన్న ఎరుక వాళ్లకు ఇంకా కలగలేదు. మనస్తత్వ శాస్త్రవేత్త కేరెన్ విన్ 1990లో ఇలాంటి పరీక్షతోనే దీన్ని చూపారు. పిల్లలకు ముందు ఒకటి అర్థమవుతుంది, తర్వాత రెండు, ఆపైన మూడు. మధ్యలో నెలలు గడుస్తాయి. వంద దాకా కంఠతా వచ్చినంత మాత్రాన ఆ ఎరుక రాదు.

ఇక ఆట. మనస్తత్వ శాస్త్రవేత్తలు రాబర్ట్ సీగ్లర్, గీతా రమణి 2008లో ప్రచురించిన ప్రయోగంలో పేద కుటుంబాల ప్రీస్కూలు పిల్లలు ఒక పలక ఆట ఆడారు. ఒకే వరుసలో సమానమైన పది గడులు, వాటిలో 1 నుంచి 10 వరకు అంకెలు, 1 గానీ 2 గానీ చూపే తిరుగుడు ముల్లు. అంతే సరంజామా. రెండు వారాల్లో పదిహేను నిమిషాల చొప్పున నాలుగుసార్లు ఆడేసరికి, ఏ అంకె పెద్దదో, ఒక గీత మీద ఏ అంకె ఎక్కడ ఉండాలో చెప్పడం బాగా మెరుగుపడింది. అంకెలకు బదులు రంగులున్న పలకతో ఆడిన పిల్లల్లో ఆ మార్పు లేదు. అంటే ఫలితం ఉత్త సరదా వల్ల వచ్చింది కాదు, ఆటను అల్లిన తీరు వల్ల వచ్చింది. ముందుకు జరిగేకొద్దీ అంకె పెరుగుతుంది, దూరమూ పెరుగుతుంది, పట్టిన సమయమూ పెరుగుతుంది. పెద్ద అంకె అంటే ఏమిటో పిల్లలకు కంటికీ చేతికీ ఒకేసారి తెలుస్తుంది.

ఆట చెడిపోయేదీ ఇక్కడే. పాప పావు 4లో ఉంది, ముల్లు 2 చూపింది. పాప "ఒకటి, రెండు" అంటూ జరిపితే పావు సరైన గడిలోకే చేరుతుంది, కానీ గడుల్లోని అంకెలు నోట పలకలేదు. టీచరు పక్కనే ఉండి "ఇప్పుడు నాలుగులో ఉన్నావు. ఐదు, ఆరు అంటూ జరుపు" అని సరిదిద్దాలి. ఈ ఒక్క మాట పడకపోతే నేర్చుకునేది చాలావరకు జారిపోతుంది. టీచరెందుకన్న ప్రశ్నకు నా జవాబు ఇదే.

బొమ్మలిచ్చి వదిలేస్తే చాలని నేనూ అనను. కెల్లీ ఫిషర్ బృందం 2013లో నాలుగైదేళ్ల పిల్లలకు మూడు రకాలుగా ఆకారాలు పరిచయం చేసింది: కొందరికి చెప్పి చూపారు, కొందరిని వాటితో స్వేచ్ఛగా ఆడుకోనిచ్చారు, కొందరితో ప్రశ్నలు వేస్తూ ఆడించారు. ఊరికే ఆడుకున్నవారికి ఆకారాల లక్షణాలు పెద్దగా పట్టుబడలేదు. ప్రశ్నలతో ఆడినవారే సన్నగా సాగిన త్రిభుజాన్ని కూడా, మూడు భుజాలు చూసి, మిగతావారికంటే బాగా గుర్తించారు.