అటాచ్‌మెంట్‌లో అబ్బాయి లేడు

మంగళవారం పొద్దున్న 9:35కి ఫోన్ టింగుమంది. బడి యాప్ నుంచి మెసేజ్. మీ అబ్బాయి Vamsi ఈరోజు ఆబ్సెంట్ అట. ఎనిమిదింబావుకి వాణ్ణి గేటు లోపలికి తోసి వచ్చింది నేనే. తోసి అంటే నిజంగా తోసే, మావాడు తనంతట తాను నడిచి బడిలోకి వెళ్లే రకం కాదు.

మాది ఒడిశాలోని రాయగడ. స్టేషన్ దగ్గర చిన్న ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు. షట్టర్ సగం దించి, ఫ్యాన్ కోసం వచ్చినాయన్ని లోపలే వదిలేసి బండి తీశాను. దారిలో ఏమేం ఊహించుకున్నానో రాయను. మా ఊరి పక్కనే నాగావళి పారుతుంది, అంతే చాలు.

వాచ్‌మన్‌ని ఎలా దాటానో గుర్తులేదు. నాలుగో తరగతి కిటికీ దగ్గర తేలాను. మూడో బెంచీ చివర మావాడు నిక్షేపంగా కూర్చుని రబ్బరు కొరుకుతున్నాడు. ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండింది. పిల్లాడు కళ్లముందుంటే లేడంటారా? సాక్ష్యం కావాలి. ఫోటో తీయాలి.

ఇక్కడ నా ఫోన్ గురించి కొంచెం చెప్పాలి. రోజంతా కొట్టులో డబ్బు పంపించుకునే ఫోన్ అది. గాభరాలో నా వేలు అలవాటు ప్రకారం స్కానర్ మీద పడింది. కోడ్ చూపించమంటూ నాలుగో తరగతి మొత్తాన్నీ చదవబోయింది. దాన్ని మూసి కెమెరా తెరిస్తే ముందువైపుది తెరుచుకుంది. చెమట కారుతున్న నా మొహం, వెనకాల మందార చెట్టు. అదీ తిప్పాను. ఈసారి కిటికీకి కొట్టిన దోమల జాలి అడ్డం. ఫోకస్ జాలి మీద నిలబడుతుంది తప్ప లోపలికి వెళ్లదు. జాలిలో ఒక్కో కన్నం చాలా స్పష్టంగా కనబడుతోంది, పిల్లలందరూ మబ్బులో ఉన్నారు. ముక్కు జాలికి ఆనించి, ఫోన్ ఆనించి, ఊపిరి బిగబట్టి తెర మీద వేలితో నొక్కుతూ ఉంటే క్లాసంతా నావైపే తిరిగింది. దీదీ సుద్దముక్క గాల్లో పట్టుకుని ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే ఫోటో పడింది. దీపావళి టపాకాయంత చప్పుడుతో పడింది.

చెట్టు కిందికొచ్చి ఫిర్యాదుకు దిగాను. ఆ మెసేజ్‌కి జవాబివ్వడానికి లేదు. ఆఫీసు ఫోన్ మోగుతుంది, ఎవరూ ఎత్తరు. యాప్‌లో 'గైర్హాజరుకు కారణం' అని ఒక మీట ఉంది. నొక్కితే జ్వరం, పెళ్లి, ఊరెళ్లడం అని మూడే ఇచ్చాడు. 'పిల్లాడు బడిలోనే ఉన్నాడు' అనే కారణం యాప్ చేసినవాడికి తట్టలేదు. ఇక మిగిలింది ఈమెయిల్. బ్యాంకు మేనేజర్‌కి రాసి రాసి నేర్చుకున్న ఇంగ్లీషు నాది. 'విత్ గ్రేట్ పెయిన్' అని మొదలుపెట్టి, యాప్‌నీ ఆఫీసునీ కడిగేసి, ప్రిన్సిపాల్‌కి కూడా ఒక కాపీ పెట్టి, చివర్న 'ప్లీజ్ ఫైండ్ మై సన్ అటాచ్డ్' అని పంపేశాను.

ఫోనెత్తని ఆఫీసు పన్నెండు నిమిషాల్లో జవాబిచ్చింది. ఒకటే వాక్యం. 'సర్, సన్ నాట్ ఫౌండ్ ఇన్ అటాచ్‌మెంట్.' అదీ ప్రిన్సిపాల్‌కి కాపీతో.

ఫోటో అప్పుడు తెరిచి చూశాను. నలభై మంది గుడ్లప్పగించి నన్నే చూస్తున్నారు. దీదీ ఉంది, సుద్దముక్క ఉంది. మూడో బెంచీ చివర ఒక నీళ్ల సీసా ఉంది. కిటికీలో తండ్రి మొహం కనబడగానే సిగ్గుతో బెంచీ కిందికి దూరాడట వెధవ. కష్టపడి తీసిన సాక్ష్యం వెళ్లి యాప్ తరఫున చెప్పింది.

ఆఫీసులో హెడ్‌క్లర్కు బడబాబు తెలుగు బాగానే మాట్లాడతాడు, సార్‌కి బదులు ఆజ్ఞా అంటాడంతే. నవ్వు ఆపుకోవడం మాత్రం రాదు. కంప్యూటర్ నావైపు తిప్పాడు. రోల్ నంబరు 5, Bansi. రోల్ నంబరు 41, Vamsi. పుట్టినతేదీ ఒకటే, తండ్రి పేరు ఒకటే. నాకు కవలలు పుట్టినట్టు నాకే తెలియదు.

సంగతేమిటంటే, మావాడు అంతకుముందు చదివింది ఒడియా బడిలో. ఒడియా రాతలో మన 'వ'కి మామూలుగా 'బ'నే వాడతారు. వెంకట బెంకట అవుతాడు, విశాఖ బిశాఖ అవుతుంది. వాళ్లిచ్చిన టీసీలో వంశీ బంశీ అయ్యాడు. అడ్మిషన్ బల్ల దగ్గర దాన్ని ఇంగ్లీషులోకి దించితే Bansi వచ్చింది. పక్కన ఫీజు బల్ల దగ్గర ఆధార్ అడిగారు. అది మా ఆవిడ పుట్టిల్లు పార్వతీపురంలో తీయించింది, అందులో Vamsi. నా ఫోన్ నంబరు ఆ రెండో చోటే ఎక్కించారు. ఒకే పిల్లాణ్ణి రెండుసార్లు ఎక్కిస్తే యాప్ పట్టుకుంటుందట, కానీ పేరూ పుట్టినతేదీ రెండూ కలిస్తేనే. ఇక్కడ పేరు కలవలేదు. అక్షరక్రమంలో ఒకడు ముందుకీ ఒకడు వెనక్కీ పోయారు కాబట్టి కంటికీ ఆనలేదు.

హాజరు పుస్తకం తెరవగానే గళ్లన్నీ ఎర్రగా ఉంటాయట. పలికినవాళ్ల గడిని దీదీ నొక్కితే పచ్చబడుతుంది. తొమ్మిదిన్నరకి పుస్తకానికి తాళం పడుతుంది. ఇంకా ఎర్రగా ఉన్నవాళ్ల ఇళ్లకి మెసేజ్ దానంతటదే వెళుతుంది. దీదీ పిలిచేది నంబర్లే. మావాడు 5కి పలుకుతున్నాడు. 41కి ఎవరూ పలకరు, ఊరెళ్లిపోయాడేమో అనుకుంది. మెసేజ్‌లు పంపడం ఈ వారమే మొదలైంది. అంటే జూన్ నుంచి Vamsi ఒక్కరోజు కూడా బడికి రాలేదు. హాజరు సున్నా శాతం, ఫీజు నూరు శాతం.

ఒకడిని తీసేయండి అన్నాను. కుదరదట. Vamsiని తీస్తే ఫీజు రసీదులు పోతాయి, Bansiని తీస్తే హాజరు పోతుంది. ఇద్దరినీ కలపడం యాప్ కంపెనీ చేతిలో ఉందట. కంపెనీకి రాశామన్నాడు. ఎప్పుడు కలుపుతారంటే చేతులు పైకి చూపించాడు, పైన ఫ్యానుంది.

"అంతవరకు ఏం చెయ్యాలండీ?"

"బాబుని రెండు నంబర్లకీ పలకమనండి ఆజ్ఞా. దీదీకి నేను చెప్తాను."

ఇంటికొచ్చి మావాడికి పాఠం చెప్పాను. 5కి ఒకసారి, 41కి ఒకసారి. మా ఆవిడ విని, "ఏటండీ, ఇంక రెండు క్యారేజీలు కట్టమంటారేటి?" అని వంటింట్లోకి పోయింది.

బుధవారం బాగానే జరిగింది. గురువారం దీదీ సెలవు. బదులు ఎవరో కొత్త సార్ వచ్చాడు. మావాడు 5కి మామూలుగా పలికాడట. 41కి కాస్త గొంతు మార్చి పలికాడట. గొంతు ఎందుకు మార్చావురా అంటే, "వేరేవాడు కదా నాన్నా" అన్నాడు.

సాయంత్రం డైరీలో ఎర్ర సిరాతో రాసి ఉంది. బన్సీ అనే విద్యార్థి రాని స్నేహితుడికి ప్రాక్సీ చెబుతున్నాడు, తండ్రి రేపు పది గంటలకు వచ్చి ప్రిన్సిపాల్‌ని కలవాలి. 9:35కి నా ఫోన్‌కి వచ్చిన మెసేజ్ కింద కూడా ఈసారి ఒక వాక్యం ఎక్కువుంది. వంశీ తండ్రి కూడా రేపు పది గంటలకే రావాలట.

ఇద్దరం వెళ్తున్నాం.