ఎకరాల పట్టికకు సోపాన చిత్రం: ఎత్తులో తలల లెక్క పెడితే ఏమవుతుంది?

"సోపాన చిత్రంలో కమ్మీ ఎత్తు అంటే పౌనఃపున్యమే. పుస్తకంలో బొమ్మలన్నీ అట్లనే ఉన్నాయి. తరగతుల వెడల్పులు వేరువేరుగా ఉంటే కమ్మీ వెడల్పు మార్చండి చాలు, ఎత్తు మాత్రం పట్టికలో ఉన్న అంకే. చూసేవాళ్లు ఎడమ పక్క స్కేలు చదువుకుంటారు. సాంద్రత అని భాగిస్తే పాయింట్లు వస్తాయి, మనుషులు పాయింట్లలో ఉంటారా? మరీ ఇబ్బందైతే అన్నీ ఒకే వెడల్పుతో గీయండి."

ఈ మెసేజ్ నాకు మూడు గ్రూపుల నుంచి వచ్చింది. మూడోసారి పంపినాయన మా నల్లగొండలోనే లెక్కలు చెప్పే మంచి సారు, అందుకే ఊరుకోలేకపోయాను. మన దగ్గర అందరికీ తెలిసిన ఎకరాల లెక్కతోనే జవాబు చెప్తాను.

సన్నకారు రైతు అంటే రెండున్నర ఎకరాల లోపు, చిన్నకారు అంటే ఐదు లోపు అని ఇక్కడ పిల్లలకు కూడా తెలుసు. వ్యవసాయ గణనలో కమతాలను 1, 2, 4, 10 హెక్టార్ల దగ్గర విడగొడతారు. ఎకరాల్లో అవి రమారమి 2.5, 5, 10, 25. అంటే ఈ తరగతులు పుట్టుకతోనే అసమానం. ఒక ఊళ్లో 200 మంది రైతులు ఉన్నారనుకుందాం. అంకెలు లెక్క కోసం నేను వేసుకున్నవే: 0–2.5 ఎకరాల వాళ్లు 80, 2.5–5 వాళ్లు 50, 5–10 వాళ్లు 40, 10–25 వాళ్లు 30.

మొదటి మాట, పుస్తకం సంగతి. పుస్తకంలో ఎక్కువ బొమ్మల్లో తరగతులన్నీ ఒకే వెడల్పు. అప్పుడు ఎత్తు పౌనఃపున్యమైనా, దాన్ని వెడల్పుతో భాగిస్తే వచ్చే సాంద్రత అయినా బొమ్మ ఆకారం మారదు, స్కేలు మీది అంకెలే మారతాయి. అందుకే అక్కడ సులువైన దారి పట్టారు. వెడల్పులు వేరైన చోట ఎన్‌సీఈఆర్‌టీ తొమ్మిదో తరగతి పుస్తకం కూడా ఎత్తును సవరించమనే చెప్తుంది: పౌనఃపున్యాన్ని తరగతి వెడల్పుతో భాగించి, అన్నిటికన్నా చిన్న తరగతి వెడల్పుతో గుణించాలి. ఇది సాంద్రతే, ఒక స్థిర సంఖ్యతో గుణించి పెట్టారంతే.

స్కేలు చదువుకుంటారన్న మాట దగ్గరే అసలు గొడవ ఉంది. మెసేజ్ చెప్పినట్టే గ్రాఫ్ కాగితం మీద గీసి చూడండి. ఎత్తులు 80, 50, 40, 30. చివరి కమ్మీ 15 ఎకరాల వెడల్పున పొడుగ్గా పడుకుంటుంది. ఎత్తును వెడల్పుతో గుణిస్తే నాలుగు కమ్మీల వైశాల్యాలు 200, 125, 200, 450. మొత్తం 975. అందులో 450 అంటే దాదాపు సగం రంగు పెద్ద రైతులదే. నిజానికి వాళ్లు 200 మందిలో 30 మంది, నూటికి పదిహేను. నేను ఒకసారి కావాలనే ఇట్లా తప్పుగా గీసి క్లాసులో పెట్టాను. ముందు బెంచీ పిల్ల అడిగింది: "సార్, మన ఊళ్లె పెద్ద రైతులు గింతమంది ఉన్నరా?" ఆ పిల్ల స్కేలు చదవలేదు. కమ్మీల మధ్య సందు లేని బొమ్మలో కన్ను ఎత్తును కాక, పరుచుకున్న రంగును చూస్తుంది.

ఆ 975 ఏమిటో కూడా అడగాలి. అది రైతుల సంఖ్య కాదు, ఎకరాలూ కాదు. దేనికీ పనికిరాని అంకె. పెద్ద రైతుల చేతిలో భూమి ఎక్కువ కదా, కమ్మీ పెద్దగా ఉంటే తప్పేముందని ఒకరు వాదించారు. భూమి ఎవరి దగ్గర ఎంత ఉందో చూపాలంటే అది వేరే పట్టిక, వేరే బొమ్మ. మనం గీస్తున్నది రైతులు ఎంతమందో చెప్పే బొమ్మ.

ఇప్పుడు సరైన ఎత్తులు:

```
సాంద్రత = పౌనఃపున్యం ÷ తరగతి వెడల్పు
80 ÷ 2.5 = 32
50 ÷ 2.5 = 20
40 ÷ 5   = 8
30 ÷ 15  = 2
```

ఈ ఎత్తులను వెడల్పులతో గుణిస్తే 80, 50, 40, 30 తిరిగి వస్తాయి, మొత్తం 200. వైశాల్యాలన్నీ కలిపితే మొత్తం రైతుల సంఖ్య రావాలి, రాకపోతే ఎక్కడో వెడల్పు తప్పు రాసినట్టే. పుస్తకం పద్ధతిలో అయితే ఎత్తులు 80, 50, 20, 5. ఆకారం అదే. కాకపోతే నిలువు గీత పక్కన ‘ప్రతి 2.5 ఎకరాలకు రైతులు’ అని రాయాలి. చాలామంది ఉత్త ‘రైతులు’ అని రాసి వదిలేస్తారు, అప్పుడు చివరి తరగతిలో ఐదుగురే ఉన్నారని చదువుకుంటాం.

ఇంకా నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. మొదటి రెండు తరగతులను కలిపి 0–5 అని రాయండి, 130 మంది. మెసేజ్ పద్ధతిలో 80, 50 ఎత్తున్న కమ్మీల చోట ఒక్కసారిగా 130 ఎత్తున గోడ లేస్తుంది. ఊళ్లో గుంట భూమి కూడా చేతులు మారలేదు, పట్టిక రాసినాయన ఒక గీత చెరిపాడంతే. సాంద్రతతో అయితే 130 ÷ 5 = 26. అది 32కూ 20కీ మధ్యలోనే నిలబడుతుంది.

పాయింట్ల గురించి: పై తరగతులు రెండూ కలిపితే 5–25, 70 మంది, సాంద్రత 3.5. ఇక్కడ మూడున్నర మనుషులు ఎవరూ లేరు. కమతం పరిమాణంలో ఒక్కో ఎకరం మేరకు సగటున 3.5 మంది పడతారని అర్థం, 20 ఎకరాల వెడల్పుకు 70 మంది. జనసాంద్రత పాయింట్లలో వచ్చినప్పుడు ఎవరినీ కోయడం లేదు కదా. అయితే 32ను ‘ఎకరం పొలంలో 32 మంది’ అని చదవకూడదు. క్లాసులో ఈ పొరపాటు తప్పకుండా వస్తుంది. అడ్డం గీత మీద ఉన్నది పొలం కాదు, కమతం సైజు.

అన్నీ ఒకే వెడల్పుతో గీయమన్న సలహాకు ఎక్కువ మాటలు అక్కర్లేదు. అప్పుడు 0, 2.5, 5, 10, 25 సమాన దూరాల్లో కూర్చుంటాయి, 15 ఎకరాల తేడా రెండున్నర ఎకరాల చోటులో ఇరుక్కుంటుంది. కమ్మీల మధ్య సందు వదిలి, కింద ‘సన్నకారు’, ‘చిన్నకారు’ అని పేర్లు రాస్తే మంచి కమ్మీ చిత్రమే. దాన్ని సోపాన చిత్రం అనొద్దు. స్ప్రెడ్‌షీట్లలో మామూలు కాలమ్ చార్ట్ ఇచ్చేది ఇదే. `R`లో `hist()` మాత్రం తరగతులు అసమానమని చూస్తే, మనం చెప్పకుండానే ఎత్తును సాంద్రతకు మార్చేస్తుంది.

మెసేజ్‌లో లేని చిక్కు ఒకటుంది, అసలు కష్టం అక్కడే. చివరి తరగతి ‘25 ఎకరాల పైన’ అని ఉండి, అందులో ముగ్గురు ఉన్నారనుకోండి. పై హద్దు లేదు, వెడల్పు లేదు, భాగించడానికి ఏమీ లేదు. హద్దు మనమే పెట్టి, పెట్టామని బొమ్మ కింద రాయాలి. 1973 భూసంస్కరణల చట్టం ప్రకారం మెట్ట భూమికి గరిష్ఠ పరిమితి నేల రకాన్ని బట్టి 35 నుంచి 54 ఎకరాలు. మన చెల్కలకు 54 దగ్గర మూస్తే వెడల్పు 29, సాంద్రత సుమారు 0.1. 40 దగ్గర మూస్తే 0.2. మొదటి కమ్మీ 32 ఎత్తున్న కాగితం మీద రెండూ అడ్డం గీతకు అతుక్కునే ఉంటాయి.